రేటు తగ్గించే ముందు మానేసినోళ్ళకి ఫోన్ చేయించండి

ఈ మధ్య బియ్యం, నూనె, బెల్లం నేరుగా అమ్ముకునే మన రైతుల్లో ఎవర్ని కదిపినా ఒకటే పాట. "మొదటిసారి ఎగబడి కొంటారు. మూడోసారికి అడ్రస్ ఉండరు. సిటీవాళ్ళకి ఆరోగ్యం అంటే నోటిమాటే, చివరికి చూసేది రేటే." ఆ తర్వాత వచ్చే మాట కూడా నాకు కంఠతా వచ్చేసింది. "కేజీకి ఇరవై తగ్గిద్దాం అనుకుంటున్నా అన్నా."

నేను అడిగేది ఒక్కటే. రేటు వల్లే మానేశారని మీకు ఎవరు చెప్పారు? మానేసిన మనిషి నోటితో చెప్పాడా, మీరే అనుకున్నారా? పొలంలో ఆకు పచ్చబడితే నాలుగు మొక్కలు పీకి వేరు చూస్తాం. జింకు లోపమా, నీళ్ళు నిలిచాయా, పురుగా అని చూడకుండా మందు కొట్టేవాణ్ణి చూసి నవ్వుతాం. కస్టమర్ దగ్గరకొచ్చేసరికి మాత్రం చూడకుండానే రేటు మీద కత్తెర వేస్తాం.

అడిగే పద్ధతి ఉంది, ఖర్చు కూడా పెద్దగా లేదు. పక్క మండలంలో దేశీ వరి పండించే ఒక రైతు పోయిన సెప్టెంబరులో చేసిన పని మొత్తం చెబుతాను. పేరు వద్దన్నాడు కాబట్టి రాయను. లెక్కలు ఆయన నోటు పుస్తకంలోవి.

ఆయన దగ్గర సింగిల్ పాలిష్ బియ్యం, కేజీ 110 రూపాయలు. రెండేళ్ళలో కొన్నవాళ్ళు మొత్తం 118 ఇళ్ళు. ఆర్డర్లు తగ్గాయని తెలుసు గానీ ఎవరు తగ్గారో తెలీదు. అందుకని ముందు ఫోన్‌పే హిస్టరీ, వాట్సాప్ చాట్లు ముందేసుకుని ప్రతి ఇంటికీ ఒక గీత రాశాడు. మొదటిసారి ఎప్పుడు కొన్నారు, ఆఖరిసారి ఎప్పుడు, ఎన్నిసార్లు, ఒక్కోసారి ఎన్ని కేజీలు. రెండు రాత్రుల పని. మీలో చాలామంది ఇక్కడే "అబ్బా, అదంతా ఎవడు రాస్తాడు" అని వదిలేస్తారని తెలుసు. ఇది రాయకపోతే మిగతాది దండగ.

ఇందులో ఒక మెలిక ఉంది. మూడు నెలలుగా కొననివాళ్ళందరూ మానేసినట్టు కాదు. ఇద్దరే ఉండే ఇంట్లో 26 కేజీల బస్తా నాలుగు నెలలు కూడా వస్తుంది. పిల్లలున్న ఇంట్లో నెలన్నరకే అయిపోతుంది. అందుకని ఆ ఇల్లు మామూలుగా ఎన్నాళ్ళకోసారి కొంటుందో చూసి, దానికి రెట్టింపు రోజులు దాటితేనే మానేసినట్టు లెక్కేశాడు. ఒక్కసారే కొన్నవాళ్ళకి ఆ ఇంట్లో ఎందరున్నారో గుర్తు చేసుకుని అంచనా కట్టుకున్నాడు. అలా తేలినవి 47 ఇళ్ళు.

ఫోన్ ఒక్కటి కూడా చేయకముందే ఆ పుస్తకం ఒక సంగతి చెప్పేసింది. 47లో 19 మంది ఒక్కసారి కొని ఆగిపోయారు. 28 మంది మూడుసార్లో, అంతకంటే ఎక్కువో కొని ఆగిపోయారు. ఈ రెండు గుంపుల్నీ కలపకూడదు. ఒక్కసారికే ఆగినవాళ్ళకి సరుకు నోటికి ఎక్కలేదు, లేదా వాళ్ళు అనుకున్నదొకటి, వచ్చిందొకటి. మూడు నాలుగుసార్లు కొన్నవాళ్ళకి సరుకు నచ్చింది, తర్వాత మధ్యలో ఏదో జరిగింది. ఆ 28 మంది ఆఖరి ఆర్డరు ఏ నెలదో చూస్తే 17 మందిది మార్చి నుంచి మే లోపల. రేటేమో రెండేళ్ళుగా అదే 110. రేటే కారణమైతే ఎండాకాలంలోనే గుంపుగా ఎందుకు పోతారు?

ఇప్పుడు ఫోన్ల సంగతి. "గ్రూపులో పోల్ పెడితే సరిపోదా, గూగుల్ ఫారం పంపితే సరిపోదా" అని అడుగుతారు. సరిపోదు. మీ గ్రూపులో జవాబిచ్చేది మీ సరుకు ఇంకా కొనేవాళ్ళు, మీరంటే అభిమానం ఉన్నవాళ్ళు. మానేసినవాళ్ళు గ్రూపుని ఎప్పుడో మ్యూట్‌లో పడేశారు. నలుగురి ముందు రైతు సరుకు బాలేదని రాయడానికి ఎవరికీ మనసొప్పదు కూడా. పోల్ పెడితే మీకు వచ్చేది దండాలు, పువ్వుల బొమ్మలు.

ఫోను కూడా అమ్మిన మనిషి చేయకూడదు. మన జనానికి మొహమాటం ఎక్కువ. మీరే ఫోన్ చేస్తే "అయ్యో, బానే ఉన్నాయండీ, అయిపోగానే చెబుతామండీ" అంటారు, అంతే. ఆ మాట పట్టుకుని మీరు ఇంకో నాలుగు నెలలు ఎదురుచూస్తారు. ఈ రైతు తన తోటి రైతు కూతురు, డిగ్రీ చదివే అమ్మాయి చేత చేయించాడు. పదిహేను వందలు ఇచ్చాడు. డబ్బు పెట్టలేకపోతే ఇద్దరు రైతులు మార్చుకోవచ్చు. మీ కస్టమర్లతో ఆయన మాట్లాడతాడు, ఆయనవాళ్ళతో మీరు మాట్లాడతారు.

తెలియని నెంబరు ఈ రోజుల్లో ఎవరూ ఎత్తరు కాబట్టి ముందు రోజు రైతు తన నెంబరు నుంచి ఒక మెసేజ్ పెట్టాడు. "నమస్తే అండీ. మా బియ్యం గురించి రేపు మా ఊరి అమ్మాయి ఫోన్ చేస్తుంది. ఆర్డరు కోసం కాదు. మీ ఇంట్లో వండేవాళ్ళతో ఐదు నిమిషాలు మాట్లాడాలి." కింద ఆ అమ్మాయి నెంబరు. ఇందులో వండేవాళ్ళు అన్న మాట ముఖ్యం. డబ్బు కొట్టేది భర్తో, అమెరికాలో ఉన్న కొడుకో. వండేది ఇంకొకరు. డబ్బు కొట్టినాయన్ని అడిగితే రేటు గురించి చెబుతాడు, ఆయనకి తెలిసింది అదే. అన్నం సంగతి వంటింట్లో తెలుస్తుంది. పొద్దున పదకొండు నుంచి పన్నెండున్నర, సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర, ఈ వేళల్లోనే చేసింది. రోజుకి ఆరేడు కంటే ఎక్కువ చేయలేదు. ఎక్కువ చేస్తే అడిగేవాళ్ళకే విసుగొస్తుంది, గొంతులో తెలిసిపోతుంది.

అసలు కిటుకంతా ఏం అడగాలన్న దాంట్లో ఉంది. "మా బియ్యం ఎలా ఉన్నాయి?" అని అడిగితే బాగున్నాయంటారు. "ఎందుకు మానేశారు?" అంటే నిలదీసినట్టు ఉంటుంది, అడగ్గానే ఏదో ఒక సాకు వస్తుంది. ఈ అమ్మాయి అభిప్రాయాలు అడగలేదు, జరిగింది అడిగింది. "అమ్మా, ఇప్పుడు ఇంట్లో ఏ బియ్యం వండుతున్నారు?" అన్నది మొదటి ప్రశ్న. "మా దగ్గర ఆఖరిసారి తీసుకున్నవి ఎన్నాళ్ళు వచ్చాయి, చివరికంటా వండుకున్నారా?" అన్నది రెండోది. "అవి అయిపోయిన రోజు బియ్యం ఎక్కడ కొన్నారు, మాకు చెబుదామని అనిపించిందా?" అన్నది మూడోది. ఆ తర్వాత నోరు మూసుకుని వినడమే. ఎదుటివాళ్ళు ఆగితే తనూ ఆగింది. ఆ నాలుగు క్షణాల మౌనంలోనే అసలు మాట బయటికొస్తుంది. మన సరుకుని వెనకేసుకురాకూడదు, సలహా ఇవ్వకూడదు, ఆర్డరు అడగకూడదు. ఆర్డరు అడిగితే తర్వాతి ఫోనుకి ఎవరూ నిజం చెప్పరు. విన్నది విన్నట్టు వాళ్ళ మాటల్లోనే రాసుకోవాలి. "పురుగు సమస్య" అని రాస్తే ఏమీ తెలీదు. "డబ్బా మూత తీస్తే నల్లగా పాకుతున్నాయి, మా అత్తగారు మొత్తం పని మనిషికి ఇచ్చేసింది" అని రాస్తే బియ్యం ఎక్కడికి పోయాయో, ఇంట్లో ఎవరు తేల్చారో రెండూ తెలుస్తాయి.

47 మందిలో మాట్లాడింది 31 మంది. తొమ్మిది మంది ఎత్తలేదు, నలుగురి నెంబర్లు మారాయి, ముగ్గురు తర్వాత మాట్లాడతామని పెట్టేశారు. 31 మందిలో మొదటి మాటగా "రేటు ఎక్కువండీ" అన్నవాళ్ళు 14 మంది.

చూశారా, మనం చెప్పిందే నిజమైంది అంటారు మీరు. ఇక్కడే ఆగిపోతే మీరు చెప్పిందే నిజమవుతుంది. కానీ ఆ అమ్మాయి మొదటి ప్రశ్న దగ్గరకి మళ్ళీ వెళ్ళింది. ఇప్పుడు కొనేవి కేజీ ఎంత పడుతున్నాయమ్మా అని అడిగింది. 14 మందిలో పదిమంది ఇంకో రైతు దగ్గరో, ఆర్గానిక్ షాపులోనో వందకి పైనే పెట్టి కొంటున్నారు. వాళ్ళు రేటు చూసి పోయినవాళ్ళు కాదు. మనతో రేటు ఎక్కువంటే మనం నొచ్చుకోం, మీ బియ్యం పురుగు పట్టాయంటే నొచ్చుకుంటాం. అందుకని మర్యాదకి రేటు మీద పెట్టి చెబుతారు. నిజంగా రేటు తట్టుకోలేక మామూలు బియ్యానికి మారింది నలుగురు.

మిగతా లెక్క ఇలా వచ్చింది. పురుగు పట్టి మానేసినవాళ్ళు 11. అన్నం మెత్తగా ముద్దవుతోందని మానేసినవాళ్ళు ఏడుగురు. ఆర్డరు పెడితే రెండు మూడు రోజులు జవాబే లేదన్నవాళ్ళు ఐదుగురు. ఇంకో నలుగురికి మనతో సంబంధం లేని కారణాలు. ఊరి నుంచి సొంత బియ్యం రావడం, డాక్టరు అన్నం తగ్గించమనడం లాంటివి. ఒక్కో ఇంటికి ఒక్క కారణమే వేశారు. అదీ రైతు ఒకసారి, ఆ అమ్మాయి ఒకసారి విడివిడిగా వేసి, తేడా వచ్చిన చోట రాసుకున్న మాటలు మళ్ళీ చదివి తేల్చారు. రైతు ఒక్కడే వేస్తే తన మనసులో ఉన్న కారణం వైపే గీతలు పెరుగుతాయి. ఎవరి పుస్తకమైనా అంతే.

ఇక చాలామంది చేయని పని ఒకటి. ఇంకా కొంటున్నవాళ్ళలో 12 మందికి కూడా అవే ప్రశ్నలు వేయించాడు. ఎందుకంటే మానేసినవాళ్ళు పురుగు అన్నంత మాత్రాన పురుగే కారణమని చెప్పలేం. కొంటున్నవాళ్ళ ఇంట్లోనూ పురుగు పట్టి ఉండొచ్చు కదా. అడిగితే నిజంగానే 12లో ఏడుగురు పురుగు చూశామన్నారు. మరి వాళ్ళెందుకు మానలేదు? ఆ ఏడుగురిలో ఐదుగురు తీసుకునేది పది కేజీలు. నాలుగు పురుగులు కనపడే సరికి డబ్బా అడుగుకి వచ్చేసింది, చెరిగి వండేసుకున్నారు. మిగతా ఇద్దరివీ పెద్ద కుటుంబాలు, బస్తా నెలలో అయిపోతుంది. పురుగు పట్టి మానేసిన 11 మందీ తీసుకున్నది 26 కేజీల బస్తా, ఇళ్ళల్లో ఉన్నది ఇద్దరో ముగ్గురో. అంటే పురుగు అందరికీ వచ్చింది, చిన్న ఇంట్లో పెద్ద బస్తా ఉన్నచోట కొంప మునిగింది. ఆ 12 ఫోన్లు చేయకపోతే ఈ సంగతి తెలిసేది కాదు.

ఈ 26 కేజీల బస్తా మన నెత్తికి ఎలా ఎక్కిందో కూడా చెప్పాలి. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కేజీల దాకా అయితే 5 శాతం జీఎస్టీ అన్నారు. దాంతో మిల్లులవాళ్ళు 26 కేజీల బస్తా కట్టడం మొదలెట్టారు. వాళ్ళ లెక్క వాళ్ళది. వాళ్ళ బియ్యం బాగా పాలిష్ పట్టినవి, తవుడు దాదాపు ఉండదు. మనం ఆ బస్తా సైజు మాత్రం కాపీ కొట్టాం. ఈ రైతు కూడా అడిగినవాళ్ళకి పది కేజీలు కట్టి ఇచ్చేవాడు గానీ, అలా ఇస్తానని ఎవరికీ చెప్పేవాడు కాదు.

పురుగు సంగతి మీకు నేను కొత్తగా చెప్పేదేముంది. ముక్కుపురుగు గింజకి బెజ్జం పెట్టి లోపల గుడ్డు పెడుతుంది, బయటికి ఏమీ కనపడదు. వేడిలో నెల తిరిగేసరికి కొత్త తరం బయటికొస్తుంది. మనం మందు గుళికలు పెట్టం. ఈయన జనవరిలో మొత్తం ఒకేసారి మర పట్టించి బియ్యం చేసి పెట్టుకునేవాడు. మార్చిలో పంపిన బస్తాలో గుడ్లు ఇక్కడి నుంచే వెళ్ళాయి. ధాన్యంగా ఉంచితే పొట్టు కొంత కాపు కాస్తుంది. బాగా ఎండబెట్టి, తేమ పన్నెండు శాతం దగ్గర ఉంచి, ఆర్డర్లని బట్టి నెలకోసారి పట్టించుకోవాలి. దీనికి అడ్డం లేకపోలేదు. ఊళ్ళో మిల్లాయన రెండు బస్తాల కోసం మిషను వేయనన్నాడు. నలుగురు రైతులు ఒక తేదీ పెట్టుకుని కలిసి తీసుకెళ్తే ఒప్పుకున్నాడు.

మెత్తగా అవుతోందన్న ఏడుగురూ ఒక్కసారి కొని ఆగినవాళ్ళే, కొన్నది జనవరి, ఫిబ్రవరుల్లో. డిసెంబరులో కోసిన కొత్త బియ్యం. కొత్త బియ్యం ముద్దవుతుందని మనకి తెలుసు. మన ఇళ్ళల్లో పాత బియ్యమే వండుకుని కొత్తవి వాళ్ళకి పంపుతాం. కనీసం ఎసరు తగ్గించమని బస్తా మీద ఒక్క ముక్క కూడా రాయం. జవాబు రాని మెసేజ్‌ల గురించి వేరే చెప్పక్కర్లేదు. పొలంలో ఉంటే ఫోన్ చూడం, నిజమే. ఇంట్లో ఎవరో ఒకరు రాత్రి ఎనిమిదికి చూడాలి.

ఇప్పుడు ఖర్చు చూడండి. అమ్మాయికి పదిహేను వందలు, నోటు పుస్తకం ముప్పై, పన్నెండు రోజులు. రేటు ఇరవై తగ్గించి ఉంటే? ఆయన నెలకి అమ్మేది ఐదు క్వింటాళ్ళు. నెలకి పదివేలు పోయేది. అదీ మానకుండా 110కి కొంటున్నవాళ్ళ చేతికి అడగకుండా ఇచ్చినట్టు. పురుగు పట్టి పోయిన 11 మందిలో ఒక్కరు కూడా ఆ ఇరవైకి తిరిగి రారు. తొంభైకి ఇచ్చినా పురుగు పురుగే.

"ఫోన్ చేసి అడగడం అడుక్కున్నట్టు ఉంటుంది" అని మొన్న ఒక పెద్దాయన నాతో అన్నాడు. ఎవరూ అడుక్కోవట్లేదు బాబాయ్. అందుకే ఆర్డరు అడగొద్దంటున్నా. 31 మందిలో ఇద్దరు ముగ్గురు విసుక్కున్నారు, మిగతావాళ్ళు ఐదు నిమిషాలన్నది పావుగంట మాట్లాడారు. ఒకావిడైతే పురుగు పట్టకుండా తను వేసే ఎండు వేపాకు, ఎండుమిర్చి సంగతంతా చెప్పి పెట్టేసింది.

దీన్ని మరీ నెత్తికి ఎక్కించుకోకండి. 31 మంది మాటని పట్టుకుని "నా కస్టమర్లలో ఇంత శాతం" అనడానికి వీల్లేదు. ఫోన్ ఎత్తని తొమ్మిది మందే అందరికంటే కోపంగా ఉన్నవాళ్ళు కావచ్చు. పదకొండు మంది చెప్పింది నమ్మొచ్చు. ఒకరిద్దరు చెప్పినదాని కోసం పద్ధతి మార్చకండి. అలాగే రేటు, బస్తా, కొరియరు మూడూ ఒకేసారి మార్చారంటే దేనివల్ల ఏమైందో మీకే తెలీకుండా పోతుంది.

ఈ రైతు అక్టోబరులో బస్తా మార్చాడు, నెలనెలా మర పట్టించడం మొదలుపెట్టాడు, కొత్త పంట ధాన్యం జూన్ దాకా ముట్టుకోనన్నాడు. రేటు మీద చెయ్యి పెట్టలేదు. పురుగు పట్టిన 11 ఇళ్ళకీ రైతే స్వయంగా మెసేజ్ పెట్టాడు. "మీరు చెప్పింది విన్నాం. ఇక నుంచి పది కేజీలు, ఆ నెలలో పట్టించినవే, బ్యాగ్ మీద తేదీ ఉంటుంది." ఆరుగురు తీసుకున్నారు. ఐదుగురు పలకలేదు. ఆ ఆరుగురినీ అప్పుడే తిరిగొచ్చినట్టు పుస్తకంలో రాయొద్దన్నాను. చలికాలంలో పురుగు ఎలాగూ తక్కువ. ఏప్రిల్, మే నెలల్లో వాళ్ళు మళ్ళీ కొంటారా లేదా అన్నది అప్పుడు చూసి రాయాలి. అప్పటి అంకెలు కూడా ఇస్తానన్నాడు, రాగానే ఇక్కడ పెడతా.